26 రోజులు ఫైల్లోనే ఉండిపోయిన కల్చర్ రిపోర్టు: షుగర్ ఉన్న ఒక వ్యవసాయ కూలీలో మెలియాయిడోసిస్

మెలియాయిడోసిస్ మట్టిలో, నీటిలో ఉండే ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు. ఈ కేసులో ఆ పేరు మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాన్ని చెప్పగలిగే కాగితం మాత్రం మొదటి వారంలోనే మా చేతికి వచ్చింది. ఆ కాగితాన్ని నేనే చూశాను, చూసి పక్కన పెట్టాను. అప్పుడు ఎందుకలా అనుకున్నానో, తర్వాత అదే కాగితాన్ని ఎలా చదివానో రాస్తే ఇలాంటి రోగుల్ని చూసే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయన వయసు 50 దాటింది, బరువు 52 కిలోలు. వరి పొలాల్లో కూలి పని. వానాకాలమంతా బురదలో చెప్పులు లేకుండా పని చేస్తారు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు ఉన్నప్పుడు వేసుకుంటారు, అయిపోతే మానేస్తారు. బీపీకి ఎనాలాప్రిల్ వాడుతున్నారు. మద్యం అలవాటు లేదు.

నాట్లు అయిన రెండు వారాలకు జ్వరం మొదలైంది. జ్వరం, దగ్గు, ఆకలి లేకపోవడంతో 15 రోజులు గడిచాక మా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆరు కిలోల బరువు తగ్గారు. జ్వరం 103 డిగ్రీలు, హెచ్‌బీఏ1సీ 11.2. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. మడమలు పగిలి ఉన్నాయని కేసు షీటులో ఎవరో రాశారు. ఆ మాటకు అప్పుడు నేను విలువ ఇవ్వలేదు.

మొదట ఏం చేశాం

రెండు బాటిళ్లలో రక్తం కల్చర్‌కి పంపి, సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు మొదలుపెట్టాం. ఐదు రోజుల్లో జ్వరం 103 నుంచి 100కి దిగింది, కానీ పూర్తిగా పోలేదు. ఇక్కడే నా మొదటి తప్పటడుగు. సగం తగ్గిన జ్వరాన్ని "మందు పని చేస్తోంది" అని చదివాను. మెలియాయిడోసిస్ క్రిమి మీద సెఫ్ట్రియాక్సోన్ కొంత పని చేస్తుంది, కానీ సెఫ్టాజిడిమ్‌తో పోలిస్తే దాంతో ఫలితాలు బాగా తక్కువ. అంటే జ్వరాన్ని కాస్త అణిచి, జబ్బును లోపల అలాగే ఉంచే మందు అది. సగం తగ్గడం కూడా ఒక ఆధారమే. నేను దాన్ని తలకిందులుగా చదివాను.

కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనపడలేదు. జన్యు పరీక్ష కూడా నెగెటివ్. అయినా షుగర్ ఉన్న మనిషి, బరువు తగ్గడం, పైభాగంలో మచ్చ, రెండు వారాలు దాటిన జ్వరం. ఇవన్నీ కలిస్తే టీబీ అనిపించడం సహజం. పరీక్షలు నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనలేమని నాకు నేను చెప్పుకుని, టీబీ మందులు మొదలుపెట్టి ఇంటికి పంపాను.

ఆయన్ని పంపిన రోజు ఉదయమే రక్తం కల్చర్ రిపోర్టు వచ్చింది. రెండు బాటిళ్లలో ఒకదానిలో మాత్రమే పెరుగుదల. "సూడోమోనాస్ జాతి, బయటి నుంచి కలిసినదై ఉండవచ్చు" అని ఉంది. ఒక్క బాటిల్, వింత క్రిమి, పైగా రోగికి కాస్త తగ్గుతోంది. ఫైల్లో పెట్టేశాను.

రెండోసారి వచ్చినప్పుడు

26 రోజుల తర్వాత ఆయన్ని కుర్చీలో మోసుకొచ్చారు. టీబీ మందులు ఒక్క పూట కూడా మానలేదు. అయినా జ్వరం తగ్గలేదు, ఎడమ మోకాలు వాచి కాలు చాపలేని స్థితి. షుగర్ 400 దాటింది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల పనిని తగ్గిస్తుంది, ఆయన వాడే గ్లిమిపిరైడ్ వాటిలో ఒకటి. నా మందు జబ్బును తగ్గించకపోగా, ఆ జబ్బుకు దారి తీసిన షుగర్‌ని ఇంకా పెంచింది.

మోకాలి నుంచి సూదితో తీస్తే చిక్కటి చీము వచ్చింది. గ్రామ్ స్టెయిన్‌లో కొద్దిపాటి గ్రామ్ నెగెటివ్ కడ్డీ ఆకారపు క్రిములు కనిపించాయి. కొన్నింటికి రెండు చివర్లూ రంగు పట్టి, మధ్యలో ఖాళీగా పిన్నీసులా ఉన్నాయని లాబ్ నుంచి ఫోన్ చేశారు. పిన్నీసు ఆకారం చూడగానే మెలియాయిడోసిస్ అనేయలేం, ఇంకా కొన్ని క్రిములు అలాగే ఉంటాయి. కానీ ఆ మాట వినగానే పాత రిపోర్టు గుర్తొచ్చింది. ఫైలు తీసి, ఈసారి క్రిమి పేరు వదిలేసి కింద మందుల పట్టిక చదివాను.

జెంటామైసిన్‌కి లొంగదు. కొలిస్టిన్‌కి లొంగదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కి లొంగుతుంది.

ఈ మూడు వరుసలూ కలిపి చదివితే పైన రాసిన పేరు నిలబడదు. మామూలుగా ఆస్పత్రుల్లో కనిపించే సూడోమోనాస్ ఏరుజినోసాకి అమాక్సిసిలిన్-క్లావులనేట్ పుట్టుకతోనే పని చేయదు. కొలిస్టిన్ దాదాపు ఎప్పుడూ పని చేస్తుంది. ఇక్కడ రెండూ తిరగబడ్డాయి. ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్ కాబట్టి అసినెటోబాక్టర్ కూడా కాదు. ఆక్సిడేజ్ పాజిటివ్‌గా ఉన్న గ్రామ్ నెగెటివ్ కడ్డీ జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగక, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కి లొంగితే, కాదని తేలేదాకా దాన్ని మెలియాయిడోసిస్ తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే అనుకోవాలి. దీనికి మినహాయింపు ఉంది. మలేషియాలోని సరావాక్ ప్రాంతంలో జెంటామైసిన్‌కి లొంగే రకాలున్నాయి. అయినా ఖరీదైన యంత్రం లేని లాబ్‌లో కూడా ఈ మూడు మందుల డిస్కులతో అనుమానం దాకా చేరవచ్చు.

మా లాబ్ ఆరోజు క్రిమి పేరు తేలకముందే మామూలు గ్రామ్ నెగెటివ్ డిస్కుల సెట్ పెట్టింది కాబట్టి ఆ మూడో డిస్కు ఉంది. సూడోమోనాస్ కోసం విడిగా ఉంచే సెట్ పెట్టి ఉంటే అమాక్సిసిలిన్-క్లావులనేట్ అందులో ఉండేదే కాదు, పాత రిపోర్టులో నాకు చదవడానికి ఏమీ మిగిలేది కాదు.

కల్చర్ దగ్గర ఆగి చూస్తే

లాబ్‌కి వెళ్లి మైక్రోబయాలజిస్టుతో కూర్చున్నాను. మొదటి ప్లేటు అప్పటికే పారేశారు. ఆమె చెప్పిన మాట నాకు ముఖ్యమైనది. "సార్, రిక్వెస్ట్ ఫారంలో మీరు జ్వరం అని ఒక్క ముక్క రాశారు. షుగర్ ఉందనీ పొలం పనిచేస్తారనీ రాసి ఉంటే నేను ఒకే బాటిల్ అని వదిలేదాన్ని కాదు."

ఈసారి ఫారం మీద "షుగర్, వరి పొలం పని, మెలియాయిడోసిస్ అనుమానం, ప్లేట్లు వారం ఉంచండి" అని రాశాం. మోకాలి చీము, రెండు జతల రక్తం, మూత్రం, గొంతు స్వాబ్ పంపాం. కళ్లె రావడం లేదు. ఇన్ని చోట్ల నుంచి ఎందుకంటే, ఒక్కసారి తీసిన నమూనాలతో కల్చర్ ఈ జబ్బును పట్టుకునేది దాదాపు 60 శాతం కేసుల్లోనే. ఒక నెగెటివ్ రిపోర్టుతో జబ్బు లేదని తేల్చకూడదు. గొంతులో ఈ క్రిమి ఆరోగ్యవంతులకు ఉండదు, కాబట్టి గొంతు స్వాబ్‌లో పెరిగితే అది జబ్బే. అయితే అక్కడ మామూలు క్రిములు ముందు పెరిగి దీన్ని కప్పేస్తాయి. అందుకే జెంటామైసిన్ కలిపిన ఆష్‌డౌన్ అనే ప్రత్యేక మాధ్యమం కావాలి. చీము, రక్తం లాంటి వాటికి మామూలు మాధ్యమాలు చాలు.

24 గంటలకు ప్లేటు మీద చిన్న నున్నటి కాలనీలే కనిపించాయి. ఆ రోజే చూసి ముగించి ఉంటే మళ్లీ పాత పేరే రాసేవాళ్లం. మూడో రోజుకు అవి ఎండి, ముడతలు పడ్డాయి. ఆటోమేటిక్ యంత్రం మాత్రం దీనికి బర్ఖోల్డేరియా సెపేసియా అని పేరు పెట్టింది. దగ్గరి చుట్టాల మధ్య ఈ యంత్రాలు పొరబడటం అందరికీ తెలిసిందే, కాబట్టి దాన్ని నమ్మకుండా ఈ క్రిమిని గుర్తుపట్టే లేటెక్స్ పరీక్ష చేయించి, రిఫరెన్స్ లాబ్‌లో పీసీఆర్‌తో నిర్ధారించుకున్నాం. మోకాలి చీములో, ఒక రక్తం బాటిల్లో అదే క్రిమి. మూత్రం, గొంతు నెగెటివ్. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించలేదు. పొలం పని చేసేవాళ్లలో జబ్బు లేకపోయినా పాత స్పర్శ వల్ల అది పాజిటివ్ రావచ్చు.

ఇంకో పని కూడా మిగిలింది. మొదటిసారి "బయటి నుంచి కలిసిన" క్రిమి అనుకుని ఆ ప్లేట్లను మామూలు బల్ల మీదే తెరిచారు. గాలిలోకి తుంపర లేచే పనులేవీ జరగలేదని నిర్ధారించుకుని, వాటిని తెరిచిన ఇద్దరు టెక్నీషియన్లకు మందు ఇవ్వలేదు. జ్వరం చూసుకోవాల్సిన 21 రోజులు అప్పటికే దాటిపోయాయి కాబట్టి, ఆ రోజుల్లో జ్వరం వచ్చిందేమోనని అడిగాం. వాళ్లకు ఏమీ కాలేదు. అనుమానం ఉన్న ప్లేటును సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవాలి, వాసన చూడకూడదు.

మిగతా ఒళ్లంతా వెతకడం

ఒక చోట చీము దొరికితే ఈ జబ్బులో అక్కడితో ఆగకూడదు. పొట్ట, కటి భాగం సీటీ తీయిస్తే ప్లీహంలో ఐదారు చిన్న చీముగడ్డలు కనిపించాయి. కాలేయం బాగానే ఉంది. మగవాళ్లందరికీ ప్రోస్టేట్ చూడాలి, ఎందుకంటే అక్కడ చీముగడ్డ మూత్రం ఆగిపోయేదాకా బయటపడకపోవచ్చు. ఆయనకు లేదు. ఎమ్మారైలో మోకాలి ఎముక బాగానే ఉంది. ఇది చికిత్స కాలాన్ని నిర్ణయించే విషయం. ఎముకకు పాకి ఉంటే ఇంజెక్షన్లు ఆరు వారాలు, మాత్రలు ఆరు నెలలు అయ్యేవి.

అదే క్రిమి మా దగ్గర ఇంకొకరిలో కేవలం మానని పుండుగా, ఒక పిల్లవాడిలో చెవి కింద లాలాజల గ్రంథి వాపుగా, మరొకరిలో రెండు రోజుల్లో వెంటిలేటర్ దాకా తీసుకెళ్లిన న్యుమోనియాగా వచ్చింది. లక్షణాలను బట్టి ఈ జబ్బును గుర్తుపట్టబోతే దొరకదు. పట్టుకోవాల్సింది మనిషిని: షుగర్, మట్టి, వానాకాలం.

చికిత్సలో తీసుకున్న నిర్ణయాలు

గ్రామ్ స్టెయిన్ చూసిన రోజే కల్చర్ కోసం ఆగకుండా సెఫ్టాజిడిమ్ 2 గ్రాములు ఆరు గంటలకోసారి మొదలుపెట్టాం. క్రియాటినిన్ 1.1 ఉంది కాబట్టి డోసు తగ్గించనక్కర్లేదు. షాక్‌లో ఉంటే మెరోపెనెమ్ ఎంచుకునేవాణ్ని. బీపీ నిలకడగా ఉంది కాబట్టి దాన్ని దాచుకున్నాం. టీబీ మందులు ఆపేశాం. షుగర్‌ని ఇన్సులిన్ మీదకు మార్చాం.

రెండో రోజు ఆర్థోపెడిక్ సర్జన్ మోకాలు తెరిచి కడిగారు. ప్లీహం గడ్డలను ముట్టుకోలేదు. అవి చిన్నవి, ఎక్కువ, మందుకే కరుగుతాయి. కీలులో చీము అలా కాదు, తీయకపోతే మందు ఒంటరిగా గెలవదు. కీలు లోపలికి బాగా చేరే మందు కావాలి కాబట్టి కోట్రైమాక్సజోల్ కూడా అప్పుడే జత చేశాం. 40 నుంచి 60 కిలోల వాళ్లకు ఒక్కో పూట 240/1200 మి.గ్రా., అంటే మామూలు మాత్రలు మూడు, రోజుకు రెండు పూటలు. ఈ మందుతో ఎర్ర రక్తకణాలు చిట్లే లోపం ఉందేమోనని ముందు జీ6పీడీ పరీక్ష చూశాం, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఇచ్చాం.

తొమ్మిదో రోజుకు కూడా సాయంత్రం 102 జ్వరం. వార్డులో అందరికీ టెన్షన్. "మెరోపెనెమ్‌కి మారుద్దామా?" అని రోజూ ప్రశ్న. నేను కుటుంబంతో కూడా ఆ చర్చ చేశాను. మెలియాయిడోసిస్‌లో సరైన మందు పడ్డా జ్వరం పోవడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది, లోపల చీము ఉంటే ఇంకా ఎక్కువ. జ్వరం ఒక్కటే మందు విఫలమైందని చెప్పదు. మందు మార్చే ముందు అడగాల్సినవి రెండు: రక్తంలో క్రిమి ఇంకా పెరుగుతోందా, తీయని చీము ఎక్కడైనా ఉందా?

ఏడో రోజు పంపిన రక్తం కల్చర్ నెగెటివ్. అల్ట్రాసౌండ్‌లో మాత్రం మోకాలు మళ్లీ నిండింది. పదో రోజు రెండోసారి కడిగారు. ఆ చీములో క్రిమి మళ్లీ పెరిగింది. సెఫ్టాజిడిమ్‌కి ఇంకా లొంగుతోందో లేదో మళ్లీ పరీక్షించాం, లొంగుతోంది. తప్పు మందుది కాదని తేలింది. పదిహేనో రోజుకు జ్వరం పూర్తిగా పోయింది.

చీములో క్రిమి పెరిగితే ఇంజెక్షన్ల లెక్క ఆ కడిగిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కీలుకు నాలుగు వారాలు. అంటే పదో రోజు నుంచి నాలుగు వారాలు, మొత్తం 38 రోజులు. కుటుంబానికి ఈ మాట చెప్పడం కష్టమైంది.

ఈలోగా పొటాషియం 5.8కి చేరింది. కోట్రైమాక్సజోల్ పొటాషియాన్ని పెంచుతుంది, ఎనాలాప్రిల్ కూడా పెంచుతుంది. ఇద్దరూ ఒకే దారిన నడుస్తున్నారు. క్రియాటినిన్ కూడా 1.4 అయింది. కోట్రైమాక్సజోల్ కిడ్నీ దెబ్బతినకుండానే క్రియాటినిన్‌ని కాస్త పెంచగలదు, కాబట్టి ఆ అంకె చూసి భయపడి మందు ఆపలేదు. ఎనాలాప్రిల్ తీసేసి ఆమ్లోడిపిన్ ఇచ్చాం, రెండు రోజులకోసారి రక్తం చూశాం. వారంలో పొటాషియం 4.9కి వచ్చింది. డిశ్చార్జ్ అప్పుడు గ్లిమిపిరైడ్ తిరిగి మొదలుపెట్టలేదు. కోట్రైమాక్సజోల్‌తో కలిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ కొనసాగించాం.

ఇంటికి వెళ్లాక

ఇంజెక్షన్ల తర్వాత కనీసం మూడు నెలల మాత్రలు. ఈ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, ఇంజెక్షన్లతో మనిషి కోలుకున్నా అది మిగిలి ఉంటుంది. ఒకప్పుడు దీనికి డాక్సీసైక్లిన్ కూడా జత చేసేవాళ్లు. 2014లో థాయ్‌లాండ్‌లో జరిగిన పెద్ద ట్రయల్‌లో కోట్రైమాక్సజోల్ ఒక్కటే సరిపోతుందని తేలింది, కాబట్టి ఒక్క మందే ఇచ్చాం.

ఏడో వారం మా నర్సు ఫోన్ చేసి మాత్రలు లెక్కపెట్టమంది. 66 మిగిలిపోయాయి. పదకొండు రోజులుగా వేసుకోవడం లేదు. పిలిపించి కోప్పడకుండా అడిగాను. ఆయన మాట్లాడలేదు, భార్య చెప్పింది: "ఇదీ నెలల తరబడి మింగేదే కదా డాక్టర్ గారూ. అప్పుడు టీబీ అని ఇచ్చారు, ఒక్క పూటా మానకుండా మింగితే మోకాలు పోయింది. ఇప్పుడు బాగానే ఉన్నాడుగా, మళ్లీ ఎందుకని నేనే వద్దన్నా."

ఆమె తర్కంలో తప్పు లేదు. నేను పెట్టిన తప్పు పేరు 26 రోజులే కాదు, ఆ నమ్మకాన్ని కూడా తీసుకెళ్లింది. ఆరోజు ఇద్దరికీ మోకాలి చీము ప్లేటు ఫొటో చూపించాను. ముడతలు పడ్డ ఆ కాలనీలను చూపించి, టీబీ మందు మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఇలాంటి రుజువు లేదనీ, ఇప్పుడు ఉందనీ, అప్పుడు పొరబడింది నేనేననీ చెప్పాను. ఆమె ఫొటోను చాలాసేపు చూసి, "ఇవి ఇంకా లోపల ఉన్నాయా?" అని అడిగింది. ఉండవచ్చు, అందుకే ఈ మాత్రలు అన్నాను.

జ్వరం లేదు, రక్తం కల్చర్ నెగెటివ్, ప్లీహం గడ్డలు చిన్నవవుతున్నాయి. అందుకని మళ్లీ ఇంజెక్షన్లకు వెళ్లకుండా, మాత్రల మూడు నెలల లెక్కను ఆ రోజు నుంచి కొత్తగా మొదలుపెట్టాం. మధ్యలో మానేస్తే ఇంతే పొడిగించాలని నియమం లేదు, ఇది మేం తీసుకున్న నిర్ణయం. తిరగబెట్టడానికి ముఖ్య కారణం మాత్రలు మధ్యలో మానడమే కాబట్టి ఎక్కువ వైపే మొగ్గాం. తర్వాత ప్రతి వారం మాత్రలు లెక్కపెట్టి ఫోన్ చేసింది భార్యే.

ఏం మార్చుకున్నాం

షుగర్ ఉండి మట్టి పని చేసే మనిషికి జ్వరం వస్తే కల్చర్ ఫారం మీద ఆ రెండు మాటలు ముందు రాస్తున్నాం. ఆక్సిడేజ్ పాజిటివ్ కడ్డీలన్నిటికీ ఆ మూడు డిస్కులూ పెడుతున్నారు, ఒక్క బాటిల్లో పెరిగినా "బయటి నుంచి కలిసినది" అని రాసే ముందు వార్డుకు ఫోన్ చేస్తున్నారు. నేను ఇప్పుడు రిపోర్టులో పేరు కన్నా ముందు కింది పట్టిక చదువుతాను. పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చిన రోగికి టీబీ మందు మొదలుపెట్టేటప్పుడు పెండింగ్ కల్చర్లన్నీ చేతిలో పెట్టుకుని, రెండు వారాలకు మళ్లీ రమ్మంటున్నాను.

ఏడాది అయింది. జబ్బు తిరగబెట్టలేదు, ప్లీహం మామూలుగా ఉంది, హెచ్‌బీఏ1సీ 7.4. బూట్లు లేకుండా బురదలో దిగడం లేదు, మడమ పగుళ్లకు కట్టు కట్టుకుంటున్నారు. మోకాలు మాత్రం 90 డిగ్రీల దాకానే వంగుతోంది. కీలులోని మృదులాస్థిని జబ్బు ఆ 26 రోజుల్లోనే తినేసింది. కలుపు తీయడానికి గొంతుక్కూర్చోలేకపోతున్నారు, గట్టు మీద నిలబడి చేసే పనులకే పిలుస్తున్నారని చెప్పారు.